రెండూ ఒప్పే అయినప్పుడు ఏది జవాబు? తెలుగు ప్రశ్నపత్రం గురించి అమ్మాయికి ఉత్తరం

కావలి

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రంలో నువ్వు ఇచ్చిన "____ ఊరి చెరువు కలుజు తెగిపోయింది" అనే ఖాళీకి సగం మంది పిల్లలు "మా" అనీ, సగం మంది "మన" అనీ రాశారనీ, రెండూ వ్యాకరణానికి సరిపోతున్నందున మార్కు ఎవరికి ఇవ్వాలో తోచడం లేదనీ రాశావు. ఈసారికి ఇద్దరికీ ఇవ్వమ్మా. ఎవరు ఎవరితో అంటున్నారో ప్రశ్నలో లేదు కనుక, పిల్లలు తమకు తోచిన సందర్భాన్ని ఊహించుకుని రాశారు. అది వారి తప్పు కాదు.

ఈ భేదాన్ని వ్యాకరణం ఎందుకు పట్టించలేదో ముందు గమనించు. "మేము వెళ్తాము", "మనం వెళ్తాము" అన్నప్పుడు క్రియ మారదు. అందుచేత వాక్యాన్ని ఎంత విడదీసి చూసినా ఏ పదం కుదరదో తెలియదు. వినేవారిని కలుపుకొంటే "మనం", విడిచిపెడితే "మేము" కాబట్టి, తీర్పు వాక్యం లోపల కాక బయట, వినే మనిషి దగ్గర ఉంది. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకు నామ్, నాంగళ్ అలవాటే గనుక ఇది చప్పున తెలుస్తుంది. అన్నిటికీ ఇంగ్లీషు "వి" ఒక్కటే చాలునని అలవాటుపడిన పిల్లలకు మాత్రం విడమరిచి చెప్పాలి.

నీ వాక్యాన్నే తీసుకుందాం. గ్రామసభలో సర్పంచి లేచి ఊరివాళ్లతో అంటే "మన ఊరి చెరువు" అనాలి. "మా ఊరి" అంటే ఎదుట కూర్చున్నవాళ్లంతా పొరుగూరివాళ్లైపోతారు. ఆ ఊరివాళ్లే తహసీల్దారుకు అర్జీ రాస్తే "మా ఊరి చెరువు" అనాలి. మరి ఆ తహసీల్దారు ఆ ఊళ్లోనే పుట్టినవాడైతే? రచ్చబండ దగ్గర కలిసినప్పుడు "మన చెరువు చూశారా సార్" అనవచ్చు గానీ, అర్జీలో మాత్రం "మా" అనే రాయాలి. అక్కడ ఆయన ఊరి మనిషిగా కాక అధికారిగా చదువుతున్నాడు. ఈ మూడో సందర్భాన్ని తరగతిలో తప్పక చర్చించు, ఎందుకంటే "వినేవాడు కలిస్తే మన" అని సూత్రం బట్టీపట్టిన పిల్లవాడు ఇక్కడే తడబడతాడు.

మర్యాద కోసం కలుపుకోవడం కూడా ఉంది. కొత్తగా వచ్చిన గిరాకీతో కూడా దుకాణదారు "మన కొట్లో అన్నీ దొరుకుతాయి" అంటాడు. కొత్త కోడలు అత్తగారితో "మా ఇంట్లో" అంటే పుట్టిల్లు, "మన ఇంట్లో" అంటే మెట్టినిల్లు. అత్తగారింటి గురించే ఆమె "మా" అంటే వ్యాకరణం ఏమీ అనదు గానీ, అత్తగారి మనసు నొచ్చుకుంటుంది. పెళ్లి శుభలేఖలో మాత్రం ఎంత దగ్గరివారికి పంపినా "మా కుమార్తె" అనే ఉంటుంది.

నీ రెండో ప్రశ్న "బాగుచేయించగలరు", "బాగుచేయించవలసినదిగా ప్రార్థిస్తున్నాము" అనే వాటిలో అర్జీలో ఏది రాయాలన్నది. ఇక్కడ అర్థంతో పాటు హోదా కూడా పనిచేస్తుంది. కార్యాలయం ప్రజలకు పెట్టే ప్రకటనలో "గమనించగలరు" అనడం చక్కగా ఉంటుంది, సాటి ఉద్యోగికి "వివరాలు పంపగలరు" అని రాయడమూ సరైనదే. అదే రైతు పై అధికారికి "కలుజును బాగుచేయించగలరు" అని రాస్తే, మర్యాదగా చెప్పిన ఆదేశంలా వినిపిస్తుంది. పైగా ఆయనకు ఆ శక్తి ఉన్నదని పొగిడినట్టు కూడా అర్థం వస్తుంది. ఈ సందిగ్ధత ఉందో లేదో తెలుసుకోవడానికి చివర ప్రశ్న చేర్చి చూడు: "బాగుచేయించగలరా?" అనగానే సామర్థ్యాన్ని అడిగినట్టు తేలిపోతుంది. అర్జీలో అటువంటి అనుమానానికి చోటుండకూడదు కనుక రెండోదే నీ జవాబు.

"చెరువులో నీళ్లుండాయి" అని ఒకడు రాస్తే తప్పని కొట్టేశానన్నావు. అది మన వైపు నోట పలికే రూపమే గనుక, సంభాషణ రాయమన్న ప్రశ్నలో దాన్ని కొట్టకూడదు. అర్జీలో అయితే "నీళ్లున్నాయి" అని దిద్ది, పక్కన "తప్పు" అని కాక "రాతకు తగదు" అని రాయి. ఈ రెండు మాటల తేడా పిల్లవాడు ఇంటికి తీసుకెళ్తాడు.

వచ్చే పరీక్షకు ప్రశ్నను ఇలా మార్చు: "మీ గ్రామస్థులందరి తరఫున తహసీల్దారుకు అర్జీ రాస్తున్నారు. ____ ఊరి చెరువు కలుజు తెగిపోయింది (మా / మన). ఆ పదాన్నే ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యంలో రాయండి." పదానికి ఒక మార్కు, కారణానికి ఒక మార్కు పెట్టు. కారణం లేకుండా "మా" అని మాత్రమే రాసినవాడు ఊహించి రాశాడా, తెలిసి రాశాడా అన్నది నీకు అప్పుడు తెలుస్తుంది.

మీ పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
పెద్దనాన్న