సంతకమే పెట్టలేదు, లోన్ ఎలా చెల్లుతుంది?

ప్రశ్న: నల్గొండలో ఫోన్ కొన్నప్పుడు వారంటీ కోసమని షాపు అబ్బాయి ఓటీపీ అడిగితే చెప్పాను. ఇప్పుడు నా పేరు మీద లోన్ ఉందంటున్నారు. కాగితం మీద సంతకమే పెట్టలేదు, ఇది చెల్లుతుందా?

కాగితం మీద సంతకం లేదన్న ఒక్క మాటతో బయటపడలేరు. ఆన్‌లైన్‌లో కుదిరిందన్న కారణంతోనే ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. చదవకుండా టిక్ కొట్టానన్నా కోర్టులు సాధారణంగా వినవు. కానీ మీది వేరే మాట. మీరు ఒప్పుకున్నది వారంటీకి, వాళ్లు రాసుకున్నది అప్పు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. మోసంతో తీసుకున్న ఒప్పుకోలును మోసపోయినవారు రద్దు చేసుకోవచ్చు. అయితే ఆ మోసాన్ని చూపించాలి, కష్టమంతా అక్కడే.

మిర్యాలగూడలో మా బావకు రెండేళ్ల కింద ఇలాగే జరిగింది. నగదు ఇచ్చి ఫోన్ కొన్నాడు. రెండు నెలలకు కిస్తీ కట్టమని ఫోన్లు మొదలయ్యాయి. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. లోన్ ఇచ్చిన సంస్థకు మెయిల్ పెట్టి నాలుగు అడిగాం: ఒప్పందం పీడీఎఫ్, వడ్డీ-ఖర్చులు చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, ఓటీపీ కొట్టిన సమయం, ఏ ఫోన్ కోసం డబ్బు ఎవరికి వెళ్లిందన్నది.

వచ్చిన కాగితాల్లోనే మా బలం దొరికింది. బిల్లులోని ఐఎంఈఐ నంబరు బావ చేతిలోని ఫోన్‌ది కాదు. కాగితాలు పంపామన్న మెయిల్ అడ్రస్ కూడా ఆయనది కాదు. ఓటీపీ ఎస్ఎంఎస్‌లో లోన్ అన్న మాటే లేదు. నగదు బిల్లు ఆయన దాచి ఉంచాడు. షాపు ఆ లోన్ సంస్థ తరఫునే పని చేసింది కాబట్టి, తప్పు షాపుదేనని సంస్థ చేతులు దులుపుకోలేకపోయింది. చివరికి లోన్ మూసేసి, సిబిల్ రికార్డు కూడా సరిచేయించారు.

మీ ఎస్ఎంఎస్ ఇప్పుడే తెరిచి చూడండి. అందులో లోన్ అనో, ఈ-సైన్ అనో ఉంటే మీ మాట బలహీనపడుతుంది. బిల్లు మీద ఐఎంఈఐ, *#06# నొక్కితే మీ ఫోన్‌లో కనిపించే నంబరు ఒకటే అయినా అంతే. అప్పుడు కూడా నగదు కట్టిన రుజువు మీకు అక్కరకొస్తుంది.

విషయం తెలిశాక ఒక్క కిస్తీ కట్టినా, లోన్ ఒప్పుకున్నట్టేనని వాళ్లు వాదిస్తారు. అందుకే ముందు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి, షాపు మీద పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో సంస్థ జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.