సైట్లు తెల్లగా వస్తున్నాయి, బిగుసుకుపోతున్నాయి: ఏ ఎక్స్‌టెన్షన్ వల్లో ఎలా పట్టుకోవాలి?

"క్రోమ్‌లో కరెంటు బిల్లు కట్టే సైటు తెరిస్తే ఉత్త తెల్ల పేజీ వస్తోంది. ఇంకో సైటు సగం లోడై బిగుసుకుపోతోంది. ఫోన్‌లో రెండూ బాగానే ఉన్నాయి. కొత్తగా ఏ ఎక్స్‌టెన్షనూ పెట్టలేదు. ఏం చేయాలి?"

కొత్తగా పెట్టకపోయినా అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదే పెట్టుకోండి. అవి మనల్ని అడక్కుండా వాటంతటవే అప్‌డేట్ అవుతుంటాయి. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్నదే ఇవాళ పేచీ పెట్టొచ్చు.

ఇన్‌కాగ్నిటోలో సైటు పనిచేస్తే దోషి ఎక్స్‌టెన్షనే అని చాలామంది తేల్చేస్తారు. అక్కడ మామూలుగా ఎక్స్‌టెన్షన్లు నడవవు, నిజమే. కానీ పాత కుకీలూ ఉండవు కదా, తప్పు వాటిదీ కావచ్చు. అందుకని మామూలు విండోలోనే `chrome://extensions` తెరిచి అన్నిటినీ ఆఫ్ చేయండి. Remove జోలికి వెళ్లొద్దు, సెట్టింగులు పోతాయి. ఆఫ్ చేశాక పేజీని రీలోడ్ చేయడం మాత్రం మరవొద్దు. తెరిచి ఉన్న పేజీలోకి అప్పటికే దూరిన కోడ్ ఆఫ్ చేసినంత మాత్రాన బయటికి పోదు.

సైటు బాగుపడిందా? ఇక ఒక్కొక్కటే ఆన్ చేస్తూ, ప్రతిసారీ రీలోడ్ చేసి చూడండి. ముందు ఆన్ చేసినవాటిని అలాగే ఉంచండి, ఎందుకంటే ఒక్కోసారి రెండు కలిస్తేనే గొడవ మొదలవుతుంది.

నాకు ఆఫీసు హాజరు పేజీతో ఇదే తంటా వచ్చింది. అందరి అనుమానం యాడ్ బ్లాకర్ మీదే కాబట్టి మొదట దాన్నే ఆన్ చేశాను, ఏమీ కాలేదు. పాస్‌వర్డ్‌లదీ, స్క్రీన్‌షాట్‌దీ ఆన్ చేశాను, అప్పుడూ బాగానే ఉంది. పేజీలను నల్లగా మార్చే డార్క్ మోడ్‌ది ఆన్ చేయగానే పైన పేరు కనిపించి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద మొదలైంది, కాసేపటికి Page Unresponsive అని పెట్టె వచ్చింది. ఆ పేజీలో పట్టిక దానంతటది మారుతూ ఉంటుంది. మారినప్పుడల్లా డార్క్ మోడ్ మళ్లీ రంగులు వేయడానికి దిగుతుంది. దాంతో ట్యాబ్‌కి ఊపిరాడలేదన్నమాట.

అక్కడితో ఆగకుండా తిరగేసి కూడా చూశాను: మిగతావన్నీ ఆన్‌లో ఉంచి అదొక్కటే ఆపితే పేజీ బాగుంది, మళ్లీ ఆన్ చేస్తే బిగిసింది. దాన్ని తీసేయాల్సిన పని కూడా లేకపోయింది. Details లోకి వెళ్లి Site access దగ్గర On specific sites ఎంచుకుని, నేను చదువుకునే సైట్లకే పరిమితం చేశాను.

మీ తెల్ల పేజీ కథ వేరే కావచ్చు. అక్కడ F12 నొక్కి Console చూడండి. ఎర్రగా `net::ERR_BLOCKED_BY_CLIENT` కనిపిస్తే ఏదో బ్లాకర్ ఒక ఫైలును ఆపిందని అర్థం. మామూలు ప్రకటనలను ఆపినా ఇదే వస్తుంది కాబట్టి, ఆ ఒక్క సైటుకు బ్లాకర్‌ను ఆపి పేజీ వస్తోందేమో చూస్తేగానీ తేలదు.

అన్నీ ఆఫ్ చేసినా తెల్లగానే ఉంటే ఎక్స్‌టెన్షన్లను వదిలేసి, ఆ సైటు కుకీలు తుడిచి చూడండి.