4.8 రేటింగ్ చూసి పిలవాలా?

“హన్మకొండలో మా ఆఫీసుకు ఆండ్రాయిడ్ డెవలపర్ కావాలి. యాప్‌ను సొంతంగా రిలీజ్ చేసినోళ్లే కావాలని పోస్టింగ్ పెట్టినం. ఒక రెజ్యూమేలో తన యాప్‌కు 4.8 రేటింగ్ అని, ఎంవీవీఎం అనే కోడింగ్ పద్ధతి తెలుసని ఉంది. పిలవాలా అన్నా?”

పిలువు తమ్మీ, కానీ 4.8 చూసి కాదు. ప్లే స్టోర్‌లో ఆ రేటింగ్ ఎంతమంది ఇచ్చారో చూడు. ఇరవై మందే అయితే అది దోస్తుల లెక్క. About this app నొక్కితే Released on తేదీ కనిపిస్తుంది. రెజ్యూమేలో రాసిన కంపెనీలో అతను చేరకముందే యాప్ వచ్చి ఉంటే, అతను చేసింది అప్‌డేట్లే. తప్పేం కాదు, కానీ వాటిని అతనే స్టోర్‌కు పంపాడా అన్నది తేలాలి.

అందుకు ఇదొక్కటి అడుగు: “కొత్త అప్‌డేట్ 20 శాతం మందికి వెళ్లాక క్రాష్‌లు పెరిగితే ఏం చేస్తావు?” పాత వెర్షన్‌కు తిప్పేస్తానంటే అనుమానమే. రోల్‌అవుట్, అంటే విడతలవారీ విడుదల, ఆపినా అప్పటికే అప్‌డేట్ అయిన ఫోన్లు వెనక్కి పోవు. versionCode అనే వెర్షన్ నంబర్ పెంచి కొత్త బిల్డ్ పంపాలి. ఇంత పని చేసినోడు టక్కున చెప్తాడు.

ఎంవీవీఎం అంటావా, ఫోన్ అడ్డం తిప్పితే ఫారంలో రాసింది ఎలా నిలుస్తుందో అడుగు, చాలు.