-7 % 3 పైథాన్‌లో 2, జావాలో -1 ఎందుకు?

"అన్నా, -7 % 3 కి పైథాన్‌లో 2 వచ్చింది, జావాలో -1 వస్తోంది. ఏది కరెక్ట్?"

రెండూ కరెక్టే తమ్ముడూ, తేడా అసలు శేషంలో కాదు, భాగహారంలో ఉంది. -7ని 3తో భాగిస్తే -2.33 కదా, జావా (సీ కూడా అంతే) పాయింట్ తర్వాతది కోసేసి సున్నా వైపు జరిగి -2 ఇస్తుంది, పైథాన్ `//` మాత్రం ఎప్పుడూ కిందకే దిగి -3 ఇస్తుంది. ఇప్పుడు భాగఫలం × 3 + శేషం = -7 అవ్వాలి, అది రెండు చోట్లా తప్పదు, నువ్వే చూడు:

```
-2 * 3 + (-1) = -7   // Java
-3 * 3 + 2 = -7      # Python
```

అందుకే జావాలో శేషానికి (సున్నా కాకపోతే) ఎడమ నంబర్ ప్లస్/మైనస్ గుర్తే ఉంటుంది, పైథాన్‌లో కుడి నంబర్ గుర్తు. పైథాన్‌లో `7 % -3` కొట్టి చూడు, -2 వస్తుంది, పైథాన్‌లో శేషం ఎప్పుడూ పాజిటివే అనుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

జావాలో అసలు దెబ్బ ఎక్కడంటే, బేసి సంఖ్యకి `x % 2 == 1` అని రాస్తే -7 బేసి కాదంటుంది, ఎందుకంటే వచ్చేది -1, కాబట్టి `x % 2 != 0` అని రాయి. ఎర్రే ఇండెక్స్ వెనక్కి తిప్పాలంటే `Math.floorMod(-7, 3)` వాడు, 2 ఇస్తుంది. సీలో అది లేదు, n పాజిటివ్ అయితే `((a % n) + n) % n` చాలు.