బూడిద కాదు, గంధకం ఎంత ఎత్తుకెళ్లిందో చూడాలి

ప్రశ్న: ఇథియోపియాలో అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద ఢిల్లీ మీదకు వచ్చిందని టీవీలో చూశామండి. ఎండ తగ్గిపోయి రెండేళ్లు చలే ఉంటుందని ఊళ్లో అంటున్నారు. కోతకొచ్చిన వరిలో మినుము చల్లాలనుకున్నాం. మానేయమంటారా?
– ఒక రైతు, ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మానొద్దు, చల్లుకోండి. బూడిద బరువైనది. చాలావరకు రోజుల్లోనే కిందికి దిగిపోతుంది. భూమిని చల్లబరిచేది అగ్నిపర్వతం వదిలే గంధక వాయువు. అది పైన నీటి ఆవిరితో కలిసి గంధకామ్లపు సన్నని తుంపరగా మారుతుంది. ఆ తుంపర ఎండలో కొంత భాగాన్ని తిరిగి ఆకాశంలోకే తిప్పి పంపేస్తుంది.

అయితే అది ఎంత ఎత్తుకు చేరిందన్నదే కీలకం. మన ప్రాంతంలో మేఘాలు, వానలు సుమారు 17 కిలోమీటర్ల లోపే. అంతకన్నా కింద ఉన్న తుంపరను వాన కడిగేస్తుంది. పైకి పోతే కడిగేవాళ్లుండరు కాబట్టి ఏడాది, రెండేళ్లు అక్కడే తిరుగుతుంది. ఇథియోపియా మేఘం సుమారు 14 కిలోమీటర్ల దగ్గరే ఆగింది, అందులో గంధకమూ తక్కువే.

నిజంగా చల్లబరిచిన పేలుడు ఫిలిప్పీన్స్‌లోని పినటుబోది. 1991 జూన్ 15న అది ఒకటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల గంధక వాయువును 30 కిలోమీటర్లు దాటించింది. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో ఆ పొర రెండు అర్ధగోళాలకూ పాకింది. 1992లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది, ఆ తరువాత మెల్లగా కోలుకుంది.

అర డిగ్రీకి మినుము చలించదు. జనవరిలో మన దగ్గర నేటి రాత్రికీ రేపటి రాత్రికీ అంతకన్నా ఎక్కువే తేడా ఉంటుంది. భయపడాల్సింది వానకు. ఎండ తగ్గితే సముద్రం కంటే నేల త్వరగా చల్లబడుతుంది, రుతుపవనాలను లాగే బలం సన్నగిల్లుతుంది. పినటుబో తరువాతి ఏడాది ప్రపంచమంతటా నేల మీద వానలు తగ్గాయి. అంత పెద్ద పేలుడే జరిగితే, ఆ మరుసటి ఖరీఫ్‌లో చెరువు కింద 150 రోజుల స్వర్ణకు బదులు 120 రోజుల ఎం.టి.యు. 1010 ఎంచుకోవడం మంచిది. ఇప్పుడు ఆ అవసరం లేదు.

ఈ ఏడాది మీరు చూసుకోవాల్సింది పదును. కోతకు రెండు మూడు రోజుల ముందు, అడుగు పెడితే కాలు కొద్దిగా దిగే తేమలో ఎకరాకు 16 కిలోల విత్తనం చల్లండి. నేల ఆరితే మొలక పలచబడుతుంది, నీరు నిలిస్తే గింజ కుళ్లుతుంది.

చలి రోజుల్లో ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే అగ్నిపర్వతం బూడిదనుకోకండి, అది బూడిద తెగులు. వేలితో తుడిస్తే పోయినా నాలుగు రోజుల్లో మళ్లీ మచ్చలుగా వస్తుంది. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఎండ తీవ్రంగా లేని వేళ ఆకు రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.