మూడో పోలరాయిడ్ పెడితే వెలుగు ఎలా పెరుగుతుంది?

పోలరాయిడ్ ఫిల్ము ఒక దిశలో కంపించే కాంతినే వదులుతుంది. అలాంటి రెండు ఫిల్ములను ఒకదాని వెనక ఒకటి, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా పెడితే చీకటి. వాటి మధ్య ఇంకోటి ఏటవాలుగా దూరిస్తే వెలుగు వస్తోంది. కాంతిని ఆపే వస్తువు ఇంకోటి పెడితే వెలుగు పెరగడమేంటి?

పోలరాయిడ్‌ను జల్లెడ అనుకోవడం దగ్గరే తికమక మొదలవుతుంది. జల్లెడ తనలోంచి జారిన గింజను మార్చదు. పోలరాయిడ్ మారుస్తుంది. కాంతి విద్యుత్ క్షేత్రంలో తన అక్షం వెంట ఉన్న భాగాన్ని వదిలి, మిగతాది పీల్చేస్తుంది. కాబట్టి బయటికొచ్చే కాంతి ఎప్పుడూ ఆ ఫిల్ము దిశలోనే కంపిస్తుంది, పాత దిశ గుర్తు ఏమీ మిగలదు.

బల్బు నుంచి 100 వంతుల కాంతి వస్తోందనుకుందాం. అది అన్ని దిశల్లోనూ కంపిస్తుంది కనుక నిలువు ఫిల్ము దాటేసరికి 50. దీనికి అడ్డ దిశలో భాగమే లేదు, అందుకే అడ్డ ఫిల్ము పూర్తిగా ఆపేస్తుంది. మాలస్ నియమం `I = I₀ cos²θ`లో I₀ ఫిల్మును చేరే కాంతి, I దాటే కాంతి, θ కాంతి కంపించే దిశకూ ఫిల్ము అక్షానికీ మధ్య కోణం. మధ్యలో 45 డిగ్రీల ఫిల్ము పెడితే, దీని ప్రకారం 50లో సగం, అంటే 25 దాటుతుంది. కానీ ఇప్పుడది ఏటవాలుగా కంపిస్తోంది. అడ్డ ఫిల్ముకు కూడా 45 డిగ్రీలే తేడా కనుక 12.5 బయటపడుతుంది. ప్రతి మెట్టులోనూ కాంతి తగ్గిందే తప్ప ఎక్కడా పుట్టలేదు. అసలు ఫిల్ములు ఇంకాస్త పీల్చుకుంటాయి కాబట్టి కొలిస్తే అంతకన్నా తక్కువే వస్తుంది.

మధ్య ఫిల్మును తిప్పి చూడండి: 0, 90 డిగ్రీల దగ్గర మళ్లీ చీకటే. అదే ఫిల్మును రెండింటికీ ముందో వెనకో పెట్టినా చీకటే.