డబ్బా మీద గంటలు కాదు, లోపలి బ్యాటరీ చూడండి

ప్రశ్న: సర్, మాది విశాఖ మధురవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. తుపాను వస్తే రెండు మూడు రోజులు కరెంటు ఉండదేమోనని ప్రతి అక్టోబరులో టెన్షన్. అత్తయ్యగారు రాత్రి పలుమార్లు లేస్తారు. షాపులో మూడు చూపించారు. 9 వాట్ల ఇన్వర్టర్ బల్బు, 2200 ఎంఏహెచ్, నాలుగు గంటలు వస్తుందట. 6 వోల్టుల 4.5 ఏహెచ్ లెడ్ యాసిడ్ ఎమర్జెన్సీ లైటు. పైన చిన్న ప్యానెల్ ఉన్న సోలార్ లాంతరు, 10000 ఎంఏహెచ్ అట. ఏది తీసుకోవాలి? ఏ బ్రాండ్ మంచిది?

జవాబు: బ్రాండ్ సంగతి చివర్లో చెప్తాను, ముందు ఒక చిన్న లెక్క. ఎంఏహెచ్‌ని వెయ్యితో భాగించి బ్యాటరీ వోల్టేజితో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. లిథియం అయాన్ అయితే 3.7 వోల్టులు. అంటే మీ ఇన్వర్టర్ బల్బులో ఉన్నది 2.2 ఇంటూ 3.7, సుమారు 8 వాట్ అవర్లు. దీన్ని నాలుగు గంటలకు పంచితే వచ్చేది రెండు వాట్లే. కాబట్టి కరెంటు ఉన్నప్పుడు అది 9 వాట్ల బల్బే, పోయాక మాత్రం రెండు వాట్ల బల్బు, ఈ రెండో మాట డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది లేదా అసలు ఉండదు. గంటా రెండు గంటల కోతకు హాల్లో పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది, తుపానుకి మాత్రం పనికిరాదు. మళ్లీ ఛార్జ్ చేయాలంటే కరెంటున్న హోల్డర్‌కే పెట్టాలి కదా.

ఇక ఆ సోలార్ లాంతరు. పదివేల ఎంఏహెచ్ నిజమే అనుకుంటే 37 వాట్ అవర్లు, చాలా ఎక్కువ. కానీ అరచేయంత ప్యానెల్ మహా అయితే ఒక వాటు ఇస్తుంది. మన దగ్గర మంచి ఎండ రోజున ప్యానెల్‌కి పూర్తి బలంతో దొరికేది నాలుగున్నర గంటల ఎండ అనుకోండి, అందులో వేడికి, దుమ్ముకి, ఛార్జింగ్‌లో మూడో వంతు పోతుంది. మిగిలేది రోజుకి మూడు వాట్ అవర్లు. ఆ బ్యాటరీ ఖాళీ అయితే ఎండతో నిండటానికి 12 రోజులు పడుతుంది! డ్రమ్ము పెద్దది, కుళాయి మాత్రం సన్నగా కారుతోంది. పైగా ప్యానెల్ లాంతరుకే అతికించి ఉంటే లాంతరునే ఎండలో పెట్టాలి, ఆ వేడికి బ్యాటరీ త్వరగా ముసలిదైపోతుంది. ప్యానెల్ విడిగా ఉండి, పొడవాటి వైరుతో వచ్చేవే తీసుకోండి. అసలు పదివేలు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ఒక మామూలు గుండ్రటి 18650 సెల్ ఎంత మంచిదైనా 3500 ఎంఏహెచ్ దాటడం అరుదు, బరువు సుమారు 45 గ్రాములుంటుంది. పదివేలు అంటే కనీసం మూడు సెల్స్ ఉండాలి. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిపోతుంటే నమ్మకండి.

ఇప్పుడు మీ ఇంటికి ఎంత కావాలో చూద్దాం. సాయంత్రం ఆరు నుంచి పదిన్నర వరకు వంట, భోజనాలకి మూడు వాట్ల ఎల్ఈడీ ఒకటి సరిపోతుంది, అది పదమూడున్నర వాట్ అవర్లు. రాత్రంతా మీ అత్తగారి గదిలో అర వాటు డిమ్ లైటు, ఏడు గంటలకి మూడున్నర. మొత్తం రాత్రికి 17. లోపలి సర్క్యూట్ కొంత తింటుంది కాబట్టి 20 అనుకోండి. 6000 ఎంఏహెచ్ లిథియం లాంతరులో 22 ఉంటాయి, అంటే ఒక లాంతరు ఒక రాత్రి. రెండు కొంటే రెండు రాత్రులు. ఒకే పెద్దది కొనడం కన్నా ఇదే నయం, చెరో గదిలో ఉంటాయి, ఒకటి మొరాయించినా ఇంకోటి ఉంటుంది.

రెండు రాత్రులే ఎందుకంటున్నానంటే, తుపాను రోజున ప్యానెల్‌ని నమ్ముకోలేం. దట్టమైన మబ్బులో ప్యానెల్ ఇచ్చేది మామూలులో పదో వంతో ఐదో వంతో, అది కూడా బయట పెట్టగలిగితే. ఆ గాలికి బాల్కనీలో ప్యానెల్ పెట్టే సాహసం చేయకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చూశాం కదా, తుపాను వెళ్లిపోయింది, స్తంభాలు మాత్రం నేలమీదే ఉన్నాయి, చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. సోలార్ పనికొచ్చేది అప్పుడు, మబ్బు విడిచి ఎండ కాసి, కరెంటు మాత్రం రాని రోజుల్లో. కాబట్టి మొదటి రెండు రాత్రులు బ్యాటరీ వంతు, ఆ తర్వాత ప్యానెల్ వంతు. రోజుకి ఆ 20 వాట్ అవర్లు తిరిగి రావాలంటే ఏడు వాట్ల ప్యానెల్ కావాలి, అది సుమారు ఒక లాంగ్ నోట్‌బుక్ అంత ఉంటుంది. దక్షిణానికి కొంచెం వాల్చి పెట్టండి. బాల్కనీ గ్రిల్ నీడ ఒక చార పడినా ఛార్జింగ్ సగానికి పైగా పడిపోవచ్చు, ఎందుకంటే లోపలి సెల్స్ వరసగా కలిపి ఉంటాయి, ఒకటి నీడలో ఉంటే మిగతావాటికీ అడ్డమే. కిటికీ అద్దం వెనక పెట్టినా తగ్గిపోతుంది. మీది మూడో అంతస్తు కాబట్టి మేడ మీద చోటు దొరుకుతుందేమో అసోసియేషన్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. టైప్ సి పోర్టు ఉన్న లాంతరైతే పవర్ బ్యాంకుతోనో, కారులోంచో కూడా నింపుకోవచ్చు.

లెడ్ యాసిడ్ లైటు కాగితం మీద 27 వాట్ అవర్లు, ధరకి బాగా కనిపిస్తుంది. కానీ దాన్ని ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేస్తే త్వరగా పోతుంది, ఛార్జ్ లేకుండా బీరువా మీద ఆరు నెలలు పడేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక ఛార్జ్ పట్టదు. చవక రకాల్లో నిండాక ఆపే ఏర్పాటు ఉండదు, ఎప్పుడూ ప్లగ్‌లో ఉంచితే ఉబ్బిపోతాయి. ఏడాదిలో నాలుగు రోజులు వాడే మీలాంటి ఇంటికి నేను లిథియమే చెప్తాను. 3.2 వోల్టులు అని రాసి ఉంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు ఉంటుంది. అప్పుడు లెక్క 3.2తో వేయండి, 6000కి 19 వస్తుంది.

బ్రాండ్ సంగతి. సన్ కింగ్, డీ లైట్ కంపెనీలకి సోలారే అసలు వ్యాపారం. ఫిలిప్స్, బజాజ్, విప్రో, హావెల్స్ పేరున్న లైటింగ్ కంపెనీలే. అయినా పేరు ఒక్కటే చూసి కొనకండి, ఒకే కంపెనీలో మంచి మోడలూ ఉంటుంది, నామమాత్రపుదీ ఉంటుంది. సోలార్ లాంతరు మోడల్ పేరు verasol.org లో వెతకండి, అక్కడ పరీక్షించిన మోడళ్లకి నిండు బ్యాటరీతో ఎన్ని గంటలు, ఒక రోజు ఎండతో ఎన్ని గంటలు అని రెండూ విడివిడిగా ఇస్తారు. మనకి కావాల్సింది రెండోది కూడా. లిథియం బ్యాటరీ మీద IS 16046 అనే బీఐఎస్ నంబరు ఉందో లేదో చూడండి, వారంటీ కాగితంలో బ్యాటరీకి ఎన్ని నెలలో విడిగా చదవండి. కొన్నిటికి లైటుకి రెండేళ్లు, బ్యాటరీకి ఆరు నెలలు అని ఉంటుంది.

కొన్న రోజు రాత్రే పూర్తిగా ఛార్జ్ చేసి, ఫుల్ బ్రైట్‌లో వెలిగించి ఎన్ని గంటలొస్తుందో రాసిపెట్టుకోండి, బిల్లుకి వెనకాలే రాయండి. మూడు నెలలకోసారి ఇదే చేయండి, అందులో మూడో వంతు తగ్గిందంటే బ్యాటరీ మార్చే టైమైంది. సముద్రం గాలికి ప్యానెల్ వైరు పిన్ను మీద పచ్చగా చిలుము పడుతుంది, ఛార్జింగ్ లైటు వెలగకపోతే చాలాసార్లు కారణం అదే. పొడి బట్టతో గట్టిగా తుడిచి చూడండి, అప్పటికీ వెలగకపోతే షాపుకి తీసుకెళ్లండి.